పాత స్టిక్కు, నాలుగు ఫ్రేములు

జనవరి పదకొండు, శనివారం, ఉదయం పది గంటల పది నిమిషాలకి నా మనవరాలు తన పాత ఆర్కేడ్ స్టిక్‌ని టీవీకి కలిపి ఆడే కొత్త గేమ్ కన్సోల్‌కి తగిలించింది. టీవీ మీద ఒక వాక్యం వచ్చింది. ఈ కంట్రోలర్‌తో ఈ ఆట ఆడలేరు, అని.

ఆర్కేడ్ స్టిక్ అంటే ఒళ్ళో పెట్టుకునే పెద్ద పెట్టె. ఎడమవైపు ఒక కర్ర, కుడివైపు ఎనిమిది గుండ్రటి బటన్లు. మనవరాలికి పదమూడో ఏట కొన్నది. ఇప్పుడు ఇరవై ఒకటి. రెండుసార్లు బటన్లు మార్చింది, కర్ర స్ప్రింగ్ మార్చింది. మామూలు కంట్రోలర్ చేతికిస్తే బొటనవేలు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుంటుంది.

"పాత ఆటలైతే ఇదే స్టిక్‌తో ఆడనిస్తుంది అమ్మమ్మా. కొత్త కన్సోల్ కోసం చేసిన ఎడిషన్‌కి మాత్రం నో. టోర్నమెంట్ ఆ ఎడిషన్ మీదే."

టోర్నమెంట్ మార్చి పదిహేనున, వాళ్ళ కాలేజీ హాల్లో. కాలేజీ టీమ్‌లో ఒక్క సీటు ఖాళీగా ఉంది. గెలిచినవాళ్ళకి ఆ సీటు. మూడేళ్ళు ప్రయత్నించింది, రెండుసార్లు ఒక్క మెట్టు దూరంలో ఆగింది. మే నెలలో చదువు అయిపోతుంది కాబట్టి ఇదే ఆఖరుసారి.

కొత్త స్టిక్ కొందామని మేమంతా ఉండే అమెరికా ఊరు పార్సిప్పనీలో, మా అమ్మాయి, అంటే దాని తల్లి, ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టి మరీ చెప్పింది.

"రెండు నెలల్లో కొత్త కర్ర చేతికి అలవాటు అవ్వదు మమ్మీ. అడాప్టర్ ఆర్డర్ చేస్తా."

అడాప్టర్ సబ్బుబిళ్ళంత ఉంది. ఒక చివర కన్సోల్‌కి, రెండో చివర స్టిక్‌కి. పక్కన ఇంకో రంధ్రం ఉంది. కన్సోల్ మధ్యమధ్యలో, నువ్వు అసలు కంట్రోలరేనా అని అడుగుతుందట. దానికి జవాబు చెప్పడానికి, కన్సోల్‌తో వచ్చిన కంట్రోలర్‌ని ఆ రంధ్రంలో తగిలించి ఉంచాలి. లేకపోతే కొన్ని నిమిషాలకోసారి స్టిక్ పనిచేయడం ఆగిపోతుంది. ఆ కంట్రోలర్ సోఫా మీద ఊరికే పడి ఉండేది, ఎవరూ పట్టుకోకుండా.

జనవరి పద్దెనిమిదిన మనవరాలు ఆడి, తల అడ్డంగా ఊపింది. "లేట్‌గా ఉంది. బటన్ నొక్కితే ఇంకా ఎక్కడో ఆలోచిస్తున్నట్టు."

"ఎంత లేటు?"

"తెలీదు. ఫీలింగ్ అంతే."

ఫీలింగ్ అంటే నాకు కుదరదు. రైల్వే కంట్రోల్ ఆఫీసులో ముప్పై మూడేళ్ళు బళ్ళ రాకపోకలు రాశాను. నిమిషం తేడా వస్తే ఎందుకొచ్చిందో పక్కన రాసేదాన్ని. నిరుడు వేసవిలో పాత కన్సోల్ మీద ఇలాగే కొలిచాం. ఫోన్‌లో స్లో మోషన్ పెడితే సెకనుకి రెండువందల నలభై బొమ్మలు తీస్తుంది. బటన్, తెర రెండూ కనబడేలా తీసి, వేలు బటన్‌ని అడుగుకి నొక్కిన బొమ్మ నుంచి తెర మీద మనిషి కదిలిన బొమ్మ దాకా లెక్కపెట్టడమే. అప్పుడు దాని హాస్టల్ మానిటర్ మీద ఇరవై వచ్చింది. నోట్‌బుక్‌లో ఉంది.

ఇప్పుడు హాల్లో టీవీ మీద, పదిసార్లు తీశాం. సగటు ముప్పై ఏడు. తేడా పదిహేడు. ఆట సెకనుకి అరవై బొమ్మలు గీస్తుంది, దాన్ని ఫ్రేమ్ అంటారు. ఫోన్ బొమ్మలు నాలుగు కలిస్తే ఒక ఫ్రేమ్. అంటే అడాప్టర్ నాలుగు ఫ్రేములు తింటోంది. ఎర్ర సిరాతో రాసి కింద గీత గీశాను.

ఇద్దరు కొట్టుకునే ఆ ఆటలో మనవరాలి బలమంతా ఒక్కచోటే ఉంది. అవతలివాడి దెబ్బ తగలబోయే క్షణంలో బటన్ నొక్కితే ఆ దెబ్బ వమ్మవుతుంది, ఎదురుదెబ్బ మనది; దాన్ని ప్యారీ అంటారు. ఆ క్షణం కొన్ని ఫ్రేములే. అందుకని నాలుగు ఫ్రేములు ముందు నొక్కడం నేర్చుకుంది. ఎనిమిది శనివారాలు, పూటకి మూడు గంటలు. నేను పక్కన కూర్చుని తగిలినవి, తప్పినవి గీతలు పెట్టేదాన్ని. మొదటివారం వందకి పంతొమ్మిది. ఆఖరివారం వందకి ఎనభై ఒకటి. సాయంత్రానికి దాని కళ్ళు మంటలు, నా నడుము పట్టేసేది.

మార్చి పదిహేనున హాల్లో వరసగా చిన్న మానిటర్లు పెట్టారు. వార్మప్‌లో మనవరాలు నా వైపు వంగింది.

"అమ్మమ్మా, ఇక్కడ వేరేగా ఉంది. ఫాస్ట్‌గా. నేను ముందే నొక్కేస్తున్నా."

"నీకు కంగారు. అడాప్టర్ అదే కదా? కొలిచాం. నాలుగు. నొక్కే తీరు మార్చకు."

"ష్యూరా?"

"రాసి ఉంది."

పక్క కుర్చీలో దాని ప్రత్యర్థి, వరంగల్ నుంచి ఎం.ఎస్‌కి వచ్చిన అబ్బాయి, కేబుల్ విప్పుతూ నవ్వాడు. "ఏందిది, కోచ్‌గ అమ్మమ్మని తెచ్చినవా? నాక్కూడా ఓ ఫ్రేమ్ లెక్క చెప్పున్రి అమ్మమ్మా!"

"ముందు నీ ఆట చూడు నాయనా," అన్నాను.

మ్యాచ్‌కి మూడు ఆటలు. మొదటి ఆట మనవరాలు గెలిచింది. తర్వాత రెండూ పోయాయి. ప్రతిసారీ ఒకటే తీరు: దీని చెయ్యి ముందే లేస్తుంది, ఆ క్షణం దాటిపోతుంది, దెబ్బ తగులుతుంది. రెండు మ్యాచ్‌లు ఓడితే ఇంటికే. ఇంకొకరితో ఆడిన రెండో మ్యాచ్‌లో ఒక్క ఆటా రాలేదు. వరంగల్ అబ్బాయి తర్వాత వచ్చి మెల్లగా అడిగాడు, "ఇయ్యాల ఏమైంది నీకు? రోజూ కొట్టే ప్యారీలే కదా." మనవరాలు అడాప్టర్ తీసి కేబుల్ చుట్టి సంచిలో పెట్టింది. కారులో పార్సిప్పనీకి తిరిగొచ్చాం.

మర్నాడు ఆదివారం అది పడుకునే ఉండగా, సోఫా మీది అసలు కంట్రోలర్‌ని నేనే నేరుగా కన్సోల్‌కి తగిలించి, అదే టీవీ మీద కొలిచాను. జనవరిలో కొలవలేదు, ఎలాగూ దానితో ఆడదు కదా అని. పదిసార్ల సగటు ముప్పై ఆరు.

అంటే అడాప్టర్ తినేది ఒక్క ఫోన్ బొమ్మ. ఫ్రేములో పావు. మిగతా పదహారు టీవీవి, హాల్లోని మానిటర్లకి అవి లేవు. టీవీ బొమ్మని నునుపు చేసి చూపడానికి ఆగి ఆలోచిస్తుంది. అలా చేయకుండా ఆపేది గేమ్ మోడ్. సెట్టింగుల్లోకి వెళ్తే అది ఆఫ్‌లో ఉంది. నోట్‌బుక్ వెనక్కి తిప్పాను. జనవరి ఆరు, సోమవారం: "సీరియల్‌లో మొహాలు పాలిపోయి ఉన్నాయి, బొమ్మ సెట్టింగు మార్చాను, అన్ని ఇన్‌పుట్లకీ." నా చేతిరాతే.

లేచాక దానికి నోట్‌బుక్ రెండు పేజీలూ చూపించాను. నిలబడే చదివింది.

"సో హాల్లో నేను చెప్పింది కరెక్టే."

"అవును. నువ్వు చెప్పింది కరెక్టు. నేను మార్చొద్దన్నాను."

"ఓకే," అంది. గ్లాసులో నీళ్ళు పోసుకుంది. తాగి, "గేమ్ మోడ్ ఆన్ చేశావా?" అని అడిగింది.

"చేశాను. ఇరవై ఒకటి వస్తోంది."

"మళ్ళీ పాత టైమింగ్‌లో నొక్కడం రావాలంటే ఎన్ని వారాలు పడుతుందో," అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

పోయినవి: టీమ్‌లో సీటు ఒకటి. మ్యాచ్‌లు రెండు, వాటిలో ఆటలు నాలుగు. శనివారాలు ఎనిమిది, అంటే ఇరవై నాలుగు గంటలు. ఎనిమిదేళ్ళుగా దాని చేతికున్న అలవాటు, ఎంత తిరిగొస్తుందో ఇంకా కొలవలేదు.