థ్యాంక్యూ సార్, సైజ్ ఎంత?

నేను అక్షరాలు నేర్చుకున్నది నా కొడుకు ఐటీఐలో చేరిన ఏడాది. మాది కన్నడ రాష్ట్రంలోని తెలుగు పల్లె కాబట్టి ముందు కన్నడ అక్షరాలు వచ్చాయి, వాటి పోలికతోనే తెలుగువి పట్టుకున్నాను. చదవడం వచ్చిన కొత్తలో పావగడ బజారులో నడుస్తూ అంగళ్ల బోర్డులన్నీ కూడబలుక్కునేదాన్ని. మొబైల్ సర్వీస్, ఫ్యాన్సీ స్టోర్, టైలర్ షాప్. అక్షరాలు మనవే, మాటలు మాత్రం ఇంగ్లీషువి. ఇన్నాళ్లూ నేను మాట్లాడే మాటల్లోనే ఇంత ఇంగ్లీషు ఉందని ఆ బోర్డులు చదివాకే నాకు తెలిసింది.

అప్పుడే నాకు ఇంకో జబ్బు కూడా పట్టింది. పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడితే బాగుంటుందని అనుకున్నాను. ఒకరోజు డ్యూటీ దిగి వచ్చిన మా ఆయనతో, "భోజనం చేస్తారా?" అన్నాను. ఆయన చెప్పులు విప్పుతూ ఆగిపోయి ఇంట్లోకి తొంగి చూశాడు.

"ఎవరు వచ్చినారే?"

"ఎవరూ రాలేదు. నిన్నే అడిగినా."

"నన్నా? నేను ఎవరో వచ్చినారని చొక్కా మార్చుకుందామనుకుంటి."

మా ఆయన వల్లూరు దగ్గర సోలార్ ప్లాంటు గేటు కాడ సెక్యూరిటీ. నేను అదే ప్లాంటులో సోలార్ పలకలు కడిగే ఆడవాళ్ల గుంపులో ఉన్నాను. మా వాడూ ఐటీఐ ముగించి అక్కడే కరెంటు పనిలో చేరాడు. ఒకప్పుడు ఆ నేలలోనే ఆయన గొర్రెలు కాచేవాడు, నేను శెనక్కాయలు పీకేదాన్ని. పలకలు ఎండకు కాలకముందే కడగాలి కాబట్టి పొద్దు పొడవకముందే గేటు దగ్గరికి చేరతాము. లోపలికి పోయే ప్రతి ఒక్కరినీ ఆయన కార్డు అడగాలి. నా వంతు వచ్చేసరికి కాస్త నిటారుగా నిలబడి, "మేడమ్, ఐడీ కార్డ్ చూపించండి" అనేవాడు.

"ఇంట్లో చూసిన మొకమే కదప్పా."

"ఇంట్లో చూసింది వేరే మేడమ్. ఈడ రూల్ ఉండాది."

"అయితే బాగా చూసుకో. మళ్లీ సాయంత్రందాకా దొరకదు."

వెనక నిలబడ్డ ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వేవాళ్లు. ఆయన ఆ మాట అందరితోనూ అంటాడు. నాతో అనేటప్పుడు మాత్రం ఆ "మేడమ్" కొంచెం సాగేది. నాకు తెలిసి సరసమంటే ఆ సాగదీతే.

అదే మనిషి ఒకసారి కుర్ర సెక్యూరిటీ వాళ్ల మాట విని, ఇంటికొచ్చి నా ముందు నిలబడి, "ఐ లవ్ యూ" అన్నాడు. నేను లేచి ఆయన నుదురు పట్టుకుని చూశాను. జ్వరం లేదు. మళ్లీ ఎప్పుడూ అనలేదు. ఆ మాట నిజమే కావచ్చు, కానీ దానికి నేనేమి తిరిగి చెప్పాలో నాకు తోచలేదు, చెప్పేశాక ఆయనకూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా కొడుకు పెళ్లి కాస్తలో ఆగిపోబోయింది ఇలాంటి మాటల దగ్గరే.

నా తమ్ముడి కూతురు డిగ్రీ చదివి పావగడలో ఒక శెట్టిగారి బట్టల అంగట్లో పనిచేసేది. నా కొడుకుకు వరసైన మరదలు. వాళ్లిద్దరూ చిన్నప్పటినుంచీ ఒకరి జుట్టు ఒకరు పట్టుకున్నవాళ్లే. బావామరదళ్లు ఎగతాళి చేసుకుంటే మాలో ఎవరూ తప్పు పట్టరు, పైగా పక్కనుండి ఇంకో మాట అందిస్తారు. నా కొడుక్కు ఆ పిల్ల మీద మనసుంది. తమ్ముడికి మాత్రం కదిరి సంబంధం ఒకటి వచ్చి ఉంది. వాడు కూతుర్ని అడిగాడు. ఆ పిల్ల, "మంగళారం చెప్తా" అంది. అంటే ఆ మంగళవారంలోగా నా కొడుకు ఆమె మనసు గెలవాలి. నేను బలవంతం చేయనని ఒట్టు పెట్టుకున్నాను. మేనత్త అడిగితే పిల్ల కాదనలేదు, అందుకని.

మా వాడు గెలవడానికి ఎంచుకున్న దారి ఇంగ్లీషు. ఫోనులో ఎవరో చెప్పే మాటలు విని, పొద్దున్నే గొర్రెలకు ఆకు వేస్తూ వల్లించేవాడు. వాడి ఇంగ్లీషు ముందుగా విన్నవి మా గొర్రెలు.

"ఏంరా, లొంగినాయా?" అని అడిగితే, "ఊరికే ఉండుమా" అని విసుక్కునేవాడు.

ఆ వారంలోనే రవికె గుడ్డ కోసం నేను అంగడికి వెళ్లాను. మేనకోడలు పనిచేసే తీరు కూర్చుని చూస్తుంటే నాకు పొద్దుపోయేది. పల్లె ముసలాయన వస్తే, "పంచె గట్టిదిస్తా తాతా, ఉతికే కొద్దీ మెత్తబడతాది" అనేది. ఒక ఇంగ్లీషు ముక్క ఉండదు. టీచరమ్మ వస్తే, "మేడమ్, ఈ కలర్ మీకు బాగా సూట్ అవుతుంది" అనేది. ఆఫీసాయనకు కన్నడం. ఎవరికి ఎంత పడుతుందో చూసి, కూరలో ఉప్పు వేసినట్టు వేసేది. అంతటి చెయ్యి తిరిగిన పిల్ల ముందుకు, ఇస్త్రీ చొక్కా వేసుకుని మా వాడు వచ్చాడు. బట్టల మూటల వెనక కూర్చున్న నన్ను చూడలేదు.

కౌంటరు మీద మోచెయ్యి ఆనించి, ఊపిరి తీసుకుని, "హాయ్. యూ ఆర్ లుకింగ్ సో బ్యూటిఫుల్ టుడే" అన్నాడు.

మేనకోడలు తల ఎత్తింది. ముఖంలో ఏమీ కదల్లేదు.

"థ్యాంక్యూ సార్. సైజ్ ఎంత?"

వాడు గబుక్కున "నలభై రెండు" అన్నాడు. అక్కర్లేని చొక్కా ఒకటి కొనుక్కుని పోయాడు.

సాయంత్రం ఊరి ఆటోలో నేనూ ఆమే పక్కపక్కన కూర్చున్నాం. నాకు ఆగలేదు.

"ఏమే, వాడు అంత బాగా చెప్తే సైజు అడుగుతావా?"

"ఇంకేం అడగల్ల అత్తా? ఆ మాటకు థ్యాంక్యూ తప్ప జవాబు లేదు. కొట్లాడేదానికి గూడా చోటు లేదు." కిటికీ లేని ఆటోలోంచి బయటికి చూస్తూ అంది. "చిన్నప్పుడు నన్ను ఏడిపించి చంపేటోడు. ఇప్పుడు బావ వచ్చినట్ల లేదు, ఫోనే వచ్చి మాటాడినట్ల ఉండాది. నిన్న గులాబీ పువ్వు బొమ్మ పెట్టి గుడ్ మార్నింగ్ డియర్ అని పంపినాడు. అట్లాంటివి మా శెట్టిగారికి గూడా దినామూ వస్తాయి."

"నువ్వు గూడా ఇంగ్లీషు కలిపే మాటాడతావు కదే."

"కలపడం వేరే అత్తా. బస్సు మిస్సయితే మిస్సయింది అంటాం, దానికి తెలుగు వెతుకుతామా? నా నోట్లో ఉండే మాట అయితే నేను ఎట్లైనా తిప్పి కొడతా. బావ తెచ్చే మాటలు వాని నోట్లోవి గూడా కాదు." నా వైపు తిరిగి, "ఇది వానికి చెప్పొద్దు అత్తా. చెప్తే, అది గూడా నేర్చుకోని వస్తాడు" అంది.

నేను చెప్పలేదు. కానీ రాత్రి అన్నం పెడుతూ, "నీ మాట నువ్వు మాటాడితే ఏంరా?" అని మాత్రం అన్నాను.

వాడు తలెత్తలేదు. "ఆయమ్మ డిగ్రీమా. దినమంతా మేడమ్‌లతో మాటాడతాది. నేను 'ఉండాది', 'వచ్చినాడు' అంటే నవ్వదా?"

నాకు "భోజనం చేస్తారా" గుర్తొచ్చింది. నవ్వు వచ్చింది, పైకి నవ్వలేదు. కొత్త మాట కొత్త చెప్పు లాంటిది, అది వేసుకున్నవాడు నడక మీదే ధ్యాస పెడతాడు, పక్కన నడిచేవాళ్లను చూడడు.

ఆదివారం విత్తనానికి శెనక్కాయలు వలవడానికి మేనకోడలు మా ఇంటికి వచ్చింది. వాకిట్లో గోనెపట్టా మీద నేను, ఆమె, కాస్త దూరంగా మా వాడు. మా ఆయన గోడకు ఆనుకుని బీడీ చేతిలో పట్టుకున్నాడు, ముట్టించలేదు. మా వాడు మరదలి చీర చూసి మళ్లీ ఊపిరి తీసుకున్నాడు, ఇంగ్లీషు రాబోతోందని నాకు అర్థమైంది. ఇంతలో వాడి ఫోను మోగింది. ప్లాంటు నుంచి సూపర్‌వైజరు.

"సార్... లేదు సార్, ఇన్వర్టర్ ట్రిప్ కాలేదు. ఆ వరస పలకల్లో ఒక్క స్ట్రింగే డౌన్ ఉండాది కదా? యాడో కనెక్టర్ లూజ్ అయింటాది. నిన్న ఆడ గొర్రెలు దూరినాయి సార్, వైరు లాగింటాయి. కిందకు వంగి చూడమను. ఆ, దొరికిందా? సరే సార్."

ఫోను పెట్టేసి మళ్లీ కాయ ఒలుస్తున్నాడు. మేనకోడలి చేతులు ఆగిపోయి ఉన్నాయి. ఆ నాలుగు మాటల్లో సగం ఇంగ్లీషే, అయినా ఒక్కటీ బయటి నుంచి తెచ్చినట్టు లేదు.

"ఏం బావా, లూజ్ కనెక్షన్ అంటివే. ప్లాంటుదా, నీదా?"

వాడు ఉలిక్కిపడ్డాడు. అది ఏ ఫోనూ నేర్పని ప్రశ్న. కాసేపు గింజను వేళ్ల మధ్య తిప్పాడు.

"నాది పగలంతా బాగనే ఉంటాది. సాయంత్రమే జనరేషన్ జీరో."

"ఎందుకో?"

"నువ్వు ఆటో ఎక్కి పోతావు కదా."

నేను తల వంచుకుని కాయలు వలుస్తూనే ఉన్నాను. మా ఆయన బీడీ చెవి మీద పెట్టుకున్నాడు.

"అట్లైతే బ్యాటరీ పెట్టించుకో" అంది ఆ పిల్ల.

"మా ప్లాంటులో బ్యాటరీ లేదు. పొద్దున్నే మళ్లీ ఎండ రావల్సిందే."

"మబ్బు పడితే?"

"మబ్బు పడితే, ఎవరో సైజ్ ఎంత అని అడిగినట్ల ఉంటాది."

ఆమె ఫక్కున నవ్వింది, ఒడిలోని గింజలు పట్టా మీద దొర్లాయి. ఏరుకుంటూ, "ఆ చొక్కా వేసుకున్న్యావా?" అని అడిగింది.

"యాడ? రెండు సైజులు పెద్దది. భయానికి నోటికి వచ్చింది చెప్పినా."

"నాకు తెలుసు. నీకు ముప్పై ఎనిమిది చాలు."

"తెలిసీ ఎందుకు ఇచ్చినావు?"

"కస్టమర్ అడిగింది ఇయ్యల్ల కదా సార్."

ఆ "సార్" అంగట్లో అన్న "సార్" కాదు. గేటు దగ్గర "మేడమ్" సాగినట్టే సాగింది. మా ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ను చూశాను.

నవ్వులు తగ్గాయి. తర్వాత మా వాడు తల పైకెత్తకుండానే, "మంగళారం నువ్వు ఏం చెప్తావో నాకు తెల్దు. నాకైతే నువ్వు కావల్ల" అన్నాడు. అందులో ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు. ఆ మాట ఎంత బరువుగా పడిందంటే, మా ఇద్దరి ముందు ఆ పిల్ల ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియక చేటను దగ్గరికి లాక్కుంది. అలాంటి మాటకు తెలుగులో జవాబు చెప్పాలంటే చాలా ధైర్యం కావాలి.

చేటలో పొట్టు చెరుగుతూ, చెరుగుతూ, ఎవరివైపూ చూడకుండా, "ఓకేప్పా" అంది.

అంతే. లేచి చేతులు దులుపుకుని, ఆటో వేళయిందని వెళ్లిపోయింది. మా వాడు ఆమెను ఆటో ఎక్కించి రావడానికి రోడ్డుదాకా పోయాడు, నడకలో తడబాటు లేదు.

మంగళవారం పొద్దున నేను పలకలు కడిగి గేటు దాటుతుండగా మా తమ్ముడు ఫోను చేశాడు.

"ఏమక్కా, మీ ఇంట్లో ఏం జరిగింది? పాప కదిరోళ్లకు వద్దని చెప్పమంటాది. నీ కొడుకు ఏం చెప్పినాడు దానికి?"

"ఏం చెప్పలేదప్పా. ఇద్దరూ కరెంటు గురించి మాటాడుకున్న్యారు."

గేటు కాడ మా ఆయన నిటారుగా నిలబడి ఉన్నాడు. "ఏం మేడమ్, గుడ్ న్యూసా?" అన్నాడు.

"కార్డు చూపించు, చెప్తా" అన్నాను.