కిరోసిన్ డబ్బాలో కడిగిన ప్లగ్గు

నా నోరు మంచిది కాదని కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో మా సందు మొత్తానికీ తెలుసు. పంపు దగ్గర బిందె ముందుకి జరిపినవాళ్ళనీ, బస్సులో మీద పడేవాళ్ళనీ వదిలేదాన్ని కాదు. భవానీపూర్‌లో చిన్నపిల్లల బళ్ళో పంతులమ్మని. బస్సుల తొక్కిడి పడలేక సెకండ్‌హ్యాండ్ స్కూటరు కొన్నాను. అప్పట్లో మా పేటలో ఆడది స్కూటరు నడపడం అంటే జనం పని మానుకుని చూసేవారు. చూస్తే చూడనీ అనేదాన్ని.

ఆ స్కూటరు ఒక సోమవారం పొద్దున్న స్టార్టు అవలేదు. పాతికసార్లు తన్నాను. చెమటలు కక్కుతూ సందు చివర ఫుట్‌పాత్ మీద బళ్ళు బాగుచేసే చాచా దగ్గరికి తోసుకెళ్ళాను. అరవై దాటిన మనిషి. గోడకి కొట్టిన రెండు మేకులూ, ఒక చెక్కపెట్టే ఆయన దుకాణం. కుడిచెయ్యి కొంచెం వణికేది. నన్ను దిదిమణీ అనేవాడు, బెంగాలీ పిల్లలు పంతులమ్మని పిలిచినట్టు.

తీగ ఊడదీసి చూశాడు. నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు చచ్చిపోయిందన్నాడు. పానా తగిలించి తిప్పబోయాడు. కదల్లేదు. ఇంకొంచెం బలం పెట్టాడు. అప్పుడు ఒక్కసారిగా చెయ్యి తీసేశాడు.

"ఇవాళ రాదు దిదిమణీ. పట్టేసింది."

"ఎందుకు రాదు? దుర్గాపూజలప్పుడు పెట్టింది నువ్వేగా."

"నేను వేళ్ళతో తిప్పి కూచోబెట్టాను. పానాతో చివర్లో పావు చుట్టే."

నేను ఆయన చేతివంక చూశాను. అది వణుకుతోంది. ఇంక నా నోటికి అడ్డేముంది? చెయ్యి నిలబడనివాడికి పావు చుట్టేదో ముప్పావు చుట్టేదో ఏం తెలుస్తుందని అడిగాను. బిగించి చంపేశావన్నాను. ఎదురుగా టీకొట్టు దగ్గర పదిమంది గ్లాసులు పట్టుకుని వింటున్నారు. నేను మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని నా వెనకే వచ్చిన మా నాన్న కూడా విన్నాడు. డబ్బా నా చేతికిచ్చి తలొంచుకున్నాడు. మా నాన్న మాట్లాడకపోవడం నాకు కొత్త కాదు.

నా తిట్లు పక్కన పెట్టి చాచా పని సంగతే చెప్పాడు. ప్లగ్గు ఉక్కు, అది కూచున్న ఇంజను హెడ్డు అల్యూమినియం. అల్యూమినియం మెత్తన. బలవంతంగా తిప్పితే ప్లగ్గుతోపాటు లోపలి మరచుట్లు కూడా దారంలా ఊడి వచ్చేస్తాయి. ఆ తర్వాత కొత్త ప్లగ్గు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నా పాత మోడలుకి హెడ్డు ఊరంతా తిరిగినా దొరకదు. ఆదివారం దాకా టైము అడిగాడు.

నేను ఊరుకుంటే బాగుండేది. తిన్నగా మా పేటవాళ్ళ పాడా క్లబ్బుకి వెళ్ళాను. ఎర్రజెండాల పార్టీ ఏలే కాలం అది. మొగుడూ పెళ్ళాల తగువు దగ్గర్నుంచి కుళాయి తగువు దాకా క్లబ్బు బల్ల ముందుకే వెళ్ళేది. క్యారమ్‌బోర్డు మీదినుంచి తలెత్తి సెక్రటరీ అంతా విన్నాడు. నా మాటలకి పదును ఎక్కువ, సందేహాలు తక్కువ. సాయంత్రానికి తీర్పు వచ్చింది. ఆదివారం అందరి ముందూ చాచా ఆ ప్లగ్గు తియ్యాలి. మర చెడకుండా వస్తే సరే. చెడితే ఆయన చెయ్యి పనికి రాదన్నట్టే, ఫుట్‌పాత్ మీద ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

నేను అడిగింది నా బండి బాగుచెయ్యమని. ముసలాయన కూడు తీసెయ్యమని కాదు. ఆ మాట అక్కడే అనొచ్చు. ఎప్పుడూ మూతపడని నోరు ఆ పూట మూతపడింది. తప్పు ఆయనదేనని కదా నేను చెప్పింది, ఇప్పుడు వెనక్కి తగ్గితే పరువేం కాను అనుకున్నాను.

ఆ రాత్రి ఆ సంగతి చెబితే నాన్న కంచం వెనక్కి జరిపాడు. "సోటు తీసెస్తారేటి?" అన్నాడు. అవునన్నాను. చెయ్యి కడిగేసుకున్నాడు.

చాచా వారమంతా ఆ ప్లగ్గుకి పానా పెట్టలేదు. మొదట దాని చుట్టూ ఉన్న మట్టిని కుంచెతో ఊడ్చి, సైకిలు పంపుతో ఊదాడు, రేపు అది ఊడినప్పుడు చెత్త లోపల పడకుండా. తర్వాత పూటకి నాలుగు చుక్కలు పల్చటి నూనె దాని మొదట్లో వేసి వదిలేసేవాడు. బడికి వెళ్తూ వస్తూ చూసేదాన్ని. పోన్లే, గట్టిగా తిప్పి చూడు అన్నాను ఒకరోజు. "నూనె దారి వెతుక్కోవాలి దిదిమణీ, దానికి తొందర లేదు" అన్నాడు.

ఆదివారం పొద్దున్న సందు సందంతా అక్కడే. సెక్రటరీ టార్చిలైటు పట్టుకొచ్చాడు. నాన్న కార్పొరేషన్‌లో నీళ్ళ పైపుల మిస్త్రీ, ఆదివారం సెలవు. వచ్చి అందరికన్నా వెనక నిలబడ్డాడు.

చాచా పెట్రోలు కుళాయి కట్టేశాడు. ఇంజను మీది రేకు విప్పాడు. టీకొట్టు నుంచి మరుగుతున్న నీళ్ళ కెటిలు తెప్పించి, గుడ్డలు అందులో ముంచి హెడ్డు చుట్టూ కప్పాడు. చల్లారిన గుడ్డ తీసి వేడిది, అది చల్లారితే మళ్ళీ వేడిది. వేడికి ఉక్కుకన్నా అల్యూమినియం ఎక్కువ ఉబ్బుతుందట, కన్నం వెంట్రుకవాసి వదులవుతుందట. మంట పెట్టొచ్చుగా అని ఎవడో అంటే, పెట్రోలు బండి పక్కన మంటా అని కసిరాడు. ఆయన కసరడం నేను చూసింది ఆ ఒక్కసారే.

వేడెక్కేకొద్దీ ఒక వాసన వచ్చింది. మాడిన నూనె వాసన కాదు, పెట్రోలూ కాదు. పాత రంగుడబ్బా మూత తీసినట్టు. ఎక్కడో బాగా ఎరిగిన వాసన, ఎక్కడో గుర్తుకు రాలేదు. చాచా కూడా ముక్కు ఎగబీల్చాడు. తలెత్తి గుంపులోకి ఒకసారి చూసి మళ్ళీ వంగాడు.

పానా నిటారుగా దించాడు. ఎడంచెయ్యి దాని నడినెత్తిన ఆనించి ఒరగకుండా పట్టుకున్నాడు. కుడిచెయ్యి పిడి మీద వేశాడు. వణుకు ఆగలేదు, కాని పానా వణకలేదు. కిర్రుమంది. ఆయన వెంటనే ఆపి, వచ్చినంతా వెనక్కి తిప్పేశాడు. నూనె వేశాడు. మళ్ళీ ఎడమకి ఇంకొంచెం, మళ్ళీ కుడికి. ముందుకి రెండు వేళ్ళ దూరం, వెనక్కి ఒక వేలు. ఎంతసేపో నాకు తెలీదు. నా బండి సంగతి ఎప్పుడో మరిచిపోయాను. ఆ చోటు పోకూడదు దేవుడా అని మొక్కుకుంటున్నాను, చోటు పోయే ఏర్పాటు చేసిన నేనే.

ప్లగ్గు వచ్చింది. వస్తూనే చాచా గుప్పిట మూశాడు.

నేను ఆయన పక్కనే గొంతుక్కూచుని ఉన్నాను కాబట్టి చూశాను. మరచుట్ల నిండా బూడిదరంగు ముద్ద రాయిలా గట్టిపడి ఉంది. అందులో నల్లగా మాడిన పోగులు. ఒక్క పోగు చివర మాత్రం మాడకుండా పసుపుగా ఉంది. జనపనార. అప్పుడు ఆ వాసన ఎక్కడిదో తెలిసింది. అవిసెనూనెలో కలిపిన సఫేదా అనే తెల్లముద్ద, పైపుల జాయింట్లకి నారతో చుట్టేది. చిన్నప్పటినుంచీ మా ఇంట్లో తలుపు వెనక వేలాడే సంచీ వాసన.

వెనక్కి తిరిగాను. నాన్న నేలచూపు చూస్తున్నాడు.

"ఏమొచ్చింది?" అన్నాడు సెక్రటరీ.

"మసి" అన్నాడు చాచా. ప్లగ్గుని కిరోసిన్ డబ్బాలో ముంచి ఇనపకుంచెతో గరగరా రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. బయటికి తీసేసరికి అది ఏ బండిలోనైనా ఉండే మామూలు పాత ప్లగ్గు. తర్వాత గ్రీజు పూసిన మర శుభ్రంచేసే పనిముట్టు కన్నంలో మెల్లిగా తిప్పి తీశాడు, చెత్త గ్రీజుకి అంటుకుని వచ్చింది. కిక్కు రెండుసార్లు తన్ని మిగిలింది బయటికి ఊదేశాడు. సెక్రటరీ టార్చి వేసి చూశాడు. చుట్లన్నీ మెరుస్తున్నాయి. కొత్త ప్లగ్గు వేళ్ళతోనే చివరిదాకా వెళ్ళింది.

"సరే, చోటు ఉంచుకో. ఇకమీదట అంత బిగించకు" అన్నాడు సెక్రటరీ. చాచా తలూపాడు. జరగని తప్పుకి తలూపాడు. నోరున్నదాన్ని నేను అక్కడే ఉండి, రాయిలా చూశాను.

ఇంటికొచ్చాక అడిగాను. నాన్న తలుపు వెనక సంచీకేసి చూస్తూ చెప్పాడు. పూజల తర్వాత ఒకరోజు ప్లగ్గు చుట్టూ నూనె చెమ్మ కనిపించిందట. ముప్పై ఏళ్ళుగా ఎక్కడ చెమ్మ కనిపించినా ఆయన చేసేది ఒకటే. విప్పి, నాలుగు నారపోగులు చుట్టి, సఫేదా రాసి బిగించాడు.

"సుక్క కారలేదమ్మా మరి" అన్నాడు.

"మరి ఆ రోజు చాచాని అంత తిడుతుంటే చెప్పలేదేం?"

సంచీ తాడు సర్దాడు. "సెప్దావనే నోరు తెరిసినాను. నువ్వలగ కేకలేస్తుంటే బయవేసింది."

నా తండ్రికి నేనంటే భయం. బస్సులో వాళ్ళకీ పంపు దగ్గర వాళ్ళకీ ఉంటే గొప్పగా ఉండేది.

"అతగాడు సూసేడా?" అన్నాడు.

నాకు అబద్ధం అలవాటు లేదు. "లేదు నాన్నా. మసి అనుకున్నాడు" అన్నాను.

మధ్యాహ్నం క్లబ్బుకి వెళ్ళాను. చాచా తప్పేం లేదు, పూజల తర్వాత నేనే విప్పి గట్టిగా బిగించాను, భయపడి ఆయన మీద తోశాను అని సెక్రటరీకి చెప్పాను. క్యారమ్ ఆడేవాళ్ళు ఆట ఆపారు. ఒకడు నవ్వాడు. నవ్వనిచ్చాను.

నాలుగు మెట్లు దిగేలోపే ఆ మాట టీకొట్టుకి చేరింది. నాన్న అక్కడే ఉన్నాడట. నేను ఇంటికొచ్చేసరికి ఆయన తలుపు వెనక సంచీ తీసి భుజాన తగిలించుకుంటున్నాడు.

"ఎక్కడికి?"

"కలబ్బుకి. తర్వాత సాచా కాడికి."

"నేను చెప్పేశాను కదా, అయిపోయింది, కూచో" అని గట్టిగానే అన్నాను, అలవాటుకొద్దీ.

"నువ్వు కూకో" అన్నాడు నాన్న. చెప్పులేసుకుని సందులోకి దిగాడు. నేను కూచున్నాను.