పన్నెండు సెకన్ల ఆలస్యం

అక్షరం విరిగితే నాకు ఒళ్ళు మండుతుంది. నరసరావుపేటలో ఇరవై ఏళ్లుగా డీటీపీ షాపు నడుపుతున్నాను. పెళ్ళికార్డులో ఒక వత్తు జారితే కార్డు వేయించుకున్నవాళ్ళు సర్దుకుపోతారేమో గానీ నేను సర్దుకోను. ఫ్లెక్సీల మీద తప్పులు చూసి నడిరోడ్డు మీద బండి ఆపిన రోజులున్నాయి. తెలుగు తల్లి నీకేమన్నా జీతమిస్తోందా అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. ఆ గర్వం వల్ల నాకేం కాలేదు. మా వీధి బాబాయికి అయింది.

బాబాయంటే చుట్టరికమేమీ లేదు. మా షాపుకి నాలుగిళ్ళ అవతల ఉంటాడు. పదిహేనేళ్ళ కిందట మాచర్ల దారిలో ఒక సున్నపురాయి క్వారీలో పనిచేసేవాడు. ఒక మధ్యాహ్నం మందు పేలినప్పుడు ఆయన రాయి చాటున ఉండిపోయాడు. ప్రాణం దక్కింది, రెండు చెవులూ పోయాయి. పేల్చే ముందు ఈల వెయ్యాల్సింది ఆయన సొంత తమ్ముడు. వేశానన్నాడు తమ్ముడు. వెయ్యలేదన్నాడు బాబాయి. ఆ రోజు నుంచి ఒకరి గడప ఒకరు తొక్కలేదు. అన్న, తమ్ముడు అన్న మాటలు ఇద్దరి నోళ్ళలోంచీ పోయాయి. ఇద్దరూ ఒకరినొకరు "ఆయన" అనే అనేవాళ్ళు.

బాబాయితో నేను మాట్లాడాలంటే పెళ్ళికార్డుల కోతముక్కల మీద రాసి చూపించేదాన్ని. ఆయన చదువుకుని, తన గొంతు తనకి వినపడదు కాబట్టి, వీధి మొత్తానికి వినపడేలా జవాబు చెప్పేవాడు. రోజూ పొద్దున మా షాపులో పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివేవాడు. అచ్చులో ఉన్నది ఆయనకి రాతిమీద చెక్కినట్టే. టీవీలో మనుషులు నోళ్ళు ఆడిస్తుంటే మాత్రం విసుక్కుని లేచిపోయేవాడు.

రెండేళ్ళ కిందట, రిటైరైన మాస్టారొకరు కూలీల జీవితాల మీద వీడియోలు తీసి తన ఛానెల్‌లో పెట్టడం మొదలుపెట్టారు. ఆ క్వారీకి కూడా వెళ్ళి, అప్పటి మేస్త్రీతోనూ బాబాయి తమ్ముడితోనూ మాట్లాడించారు. షూటింగ్ అయ్యాక తమ్ముడు మాస్టారిని పక్కకి పిలిచి, దీనికి కింద అక్షరాలు వెయ్యండి, ఆయన చదువుకుంటాడు అన్నాడట. మాస్టారు నా దగ్గరికొచ్చి ఆ మాట చెప్పి, "పదిహేనేళ్ళకి నోరు విప్పాడమ్మా. తప్పు ఒప్పుకున్నాడు. అన్న చదవాలి, అంతే" అన్నారు. ఆ పని విలువ ఏమిటో నాకు తెలియకపోలేదు. అందుకే డబ్బులొద్దన్నాను.

మాస్టారు మాటలన్నీ పాత డీటీపీ ఫాంటులో టైపు చేసి తెచ్చారు. ఎవరి మాట ఎవరిదో పేర్లు రాయలేదు, మొహాలు కనిపిస్తాయిగా అన్నారు. పాత ఫాంటు నెట్‌లో కనపడదు కాబట్టి దాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, వీడియో చూస్తూ ప్రతి మాటకీ మొదలయ్యే సమయం, ముగిసే సమయం ఇచ్చి ఎస్‌ఆర్‌టీ అనే సబ్‌టైటిల్ ఫైలు తయారుచేశాను. మొదటిసారి అప్‌లోడ్ చేస్తే స్క్రీన్ నిండా ప్రశ్నార్థకాలు. ఫైలు తెలుగు నిలిచే యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చెయ్యలేదు. అది సరిచేస్తే అక్షరాలొచ్చాయి గానీ కాళ్ళూ చేతులూ విరిగి వచ్చాయి. "క్వారీ" అన్న మాటలో "క్" మీద పొల్లు ఒకచోట, "వా" ఇంకోచోట. "మేస్త్రీ" అన్న మాటలో వత్తులు కిందకి దిగకుండా పక్కన నిలబడ్డాయి.

కన్వర్టర్ పొల్లు పక్కన కంటికి కనపడని ఒక గుర్తు పెట్టింది. అక్షరాల్ని కలవనివ్వకుండా విడదీసే గుర్తు అది. అన్నీ ఒక్క దెబ్బకి తీసేద్దామంటే కుదరదు. "బ్లాస్టింగ్‌లో" లాంటి మాటల్లో ఆ గుర్తు ఉండి తీరాలి, లేకపోతే "గ్" కింద లావత్తు వచ్చి చేరుతుంది. కాబట్టి ఒక్కొక్కటే వెతికి తీశాను. పొడుగు వరుసల్ని సాఫ్ట్‌వేర్ తనంతట తనే విరిచిన చోట్ల వత్తు కింది వరుసలోకి జారిపోయింది. వాటిని చేత్తో కలిపి, మాట పూర్తయిన చోట విరిచాను. మూడు రోజులు పట్టింది.

ఈలోగా మాస్టారు ఫోన్ చేశారు. మొదట్లో తన నమస్కారాలూ పరిచయమూ సాగదీసినట్టు ఉన్నాయని, ఆ పన్నెండు సెకన్లు కోసేసి వీడియో కొత్తగా ఎక్కించానని చెప్పారు. అంటే నా ఫైల్లో ప్రతి మాటా ఇప్పుడు పన్నెండు సెకన్లు ఆలస్యంగా వస్తుంది. అది జరపడం పెద్ద పనేం కాదు. మొత్తం ఫైలుని ఒకేసారి పన్నెండు సెకన్లు వెనక్కి లాగి, మాస్టారి నమస్కారాల వరుసలు తీసేస్తే సరి. ముందు అక్షరాలు తేలనివ్వండి, తర్వాత టైమింగ్ చూస్తాను అన్నాను. అక్షరాలు తేలాయి. టైమింగ్ సంగతి మర్చిపోయాను.

మర్చిపోయినా కనిపెట్టాల్సిందే. అప్‌లోడ్ అయ్యాక మొదటి నుంచి చివరిదాకా చూశాను కూడా. కాకపోతే సౌండు కట్టేసి చూశాను. అది నా పాత అలవాటు. ప్రూఫ్ చూసేటప్పుడు చెవిన మాట పడితే తప్పు కంటికి ఆనదు, ఉండాల్సిన అక్షరాన్ని మనసే నింపేసుకుంటుంది. అందుకని షాపులో కూడా ప్రూఫులు పైకి చదవనివ్వను. క్వారీ గుట్టల మీద మాస్టారి నమస్కారం కనిపించింది. వెనకనుంచి మాట్లాడుతున్నారులే అనుకున్నాను. మొహాల వంక చూడలేదు. వత్తుల వంకే చూశాను. ఆ వీడియోని బాబాయి చూడబోయేది సరిగ్గా అలాగే, నిశ్శబ్దంగా. ఆయన చూసేది మాత్రం మొహాలు. ఆ తేడా నా బుర్రకి తట్టలేదు.

ఎవరో ఒకాయన కింద కామెంటు పెట్టాడు, అక్షరాలు లేటుగా వస్తున్నాయని. చూశాను. మాట వినపడుతూనే ఉందిగా, తీరిక చూసుకుని జరుపుదాం అనుకున్నాను. మర్నాడే బాబాయి వీడియో చూడ్డానికి వస్తాడని తెలిసి కూడా అలా అనుకున్న మనిషిని నేను. ఇవాళ తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బాబాయి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పెద్ద మానిటర్ ముందు కుర్చీ వేసి వీడియో పెట్టి, కౌంటర్ దగ్గర పార్టీ వస్తే అటు వెళ్ళాను. వీడియోలో ముందు మేస్త్రీ, తర్వాత పది పన్నెండు సెకన్లు తమ్ముడు, మళ్ళీ మేస్త్రీ మాట్లాడతారు. తమ్ముడు పక్కకి తిరిగి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. పెదాలు కనపడవు. బాబాయి ఒకచోట ఆపమని కేకేశాడు. వెళ్ళి ఆపాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసి, ఇంక చాలని లేచాడు. మొహం రాయిలా ఉంది. పాత కోపం ఒకసారి పొంగి ఉంటుంది, నాలుగు రోజుల్లో అదే తగ్గుతుంది అనుకున్నాను.

రెండు రోజులకి తమ్ముడు యాపిల్ పళ్ళ కవరు పట్టుకుని పదిహేనేళ్ళలో మొదటిసారి ఆ గుమ్మంలోకి వచ్చాడు. బాబాయి వీధంతా చూస్తుండగా ఆయన మొహం మీదే తలుపేశాడు. పిన్ని ఏడుస్తూ మా షాపుకొచ్చింది. మరిది తప్పొప్పుకున్నాక కూడా ఈయనకి ఇంత పంతం ఏందని నేను అంటే, ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఆ మేస్త్రీకున్న పాటి బుద్ధి కూడా ఆయనకి లేకపాయెనే అంటన్నాడమ్మా మీ బాబాయి. మేస్త్రీ ఏం ఒప్పుకున్నాడో నాకు తెలవదు" అంది.

వీడియో తెరిచి ఈసారి సౌండు పెట్టాను. మేస్త్రీ చెబుతున్నాడు, ఈల వేశారు, ఆయనే లేవలా, ఆయన పొరపాటే అని. ఆ మాటలు పలికినప్పుడు కింద ఇంకేదో ఉంది. తమ్ముడు తెరమీదకి వచ్చాక ఆయన మొహం కింద వచ్చాయి అవి: "ఈల వేశారు. ఆయనే లేవలా. ఆయన పొరపాటే." తువ్వాలు చాటునుంచి తమ్ముడి గొంతు మాత్రం ఇలా అంటోంది: "ఈల వెయ్యాల్సింది నేను. వెయ్యలా. భయపడి వేశానని చెప్పా." ఆ అక్షరాలు మేస్త్రీ తిరిగి వచ్చాక మేస్త్రీ మొహం కింద వచ్చాయి. ఒక్క వత్తు తప్పులేదు. ఇంత అందమైన తెలుగు సబ్‌టైటిల్ నేను ఆ ముందెప్పుడూ చెయ్యలేదు.

సరిచెయ్యడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. మొదట్లో, మధ్యలో, చివర్లో సౌండుతో సరిపోల్చుకున్నాను. ప్రతి మాట ముందు మాట్లాడినవాళ్ళెవరో రాశాను. మాస్టారు తమ్ముడికి ఫోన్ చేసి జరిగింది చెప్పి, ఇంకొక్కసారి రమ్మని బతిమాలారు. "నలుగుర్లో ఒకసారి చెప్పుకున్నా. తలుపేయించుకున్నా. ఇంక నావల్ల కాదు" అన్నాడట. ఆ వారమే ఏటి అవతలికి క్వారీ పనికి వెళ్ళిపోయాడు.

బాబాయిని పిలుచుకొచ్చి మళ్ళీ కూర్చోబెట్టాను. ఈసారి పక్కనే ఉన్నాను. ఆయన మొత్తం చూశాడు. తమ్ముడి మొహం కింద తమ్ముడి మాటలు వచ్చినప్పుడు వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. తర్వాత నా వంక తిరిగి, "మొన్న వేరేగా ఉందేంది?" అన్నాడు.

కార్డు ముక్కలు చాలక తెల్లకాగితం తీసి రాశాను. వీడియో ముందు ముక్క కోశారని, అక్షరాలు జరిగిపోయాయని, నేను చూసుకోలేదని. తప్పు నాది బాబాయ్ అని కింద గీత గీశాను. పిన్ని కూడా వచ్చి చేతులు తిప్పి చెప్పింది. ఆమె ఎప్పుడూ మరిది వైపే మాట్లాడుతుందని ఆయన ఆమె వంక చూడనైనా చూడలేదు.

కాగితం రెండుసార్లు చదివాడు. మడిచి నా చేతిలో పెట్టాడు. ఎందుకో ఆ రోజు ఆయన గొంతు చాలా తగ్గించాడు. అంత నెమ్మదిగా మాట్లాడగలడని నాకు తెలియదు.

"నీది మంచి మనసమ్మాయ్. మమ్మల్ని కలపాలని చూస్తన్నావ్. కానీ అక్షరాలు నీ చేతిలోయే కదా, ఎవరి కిందంటే వాళ్ళ కింద పెడతావ్. ఆయన చేసిన తప్పు నువ్వు నెత్తినేసుకోబాక."

కాదని రాద్దామని మళ్ళీ పెన్ను తీశాను. రాసినా ఆయన చదివేది నా చేతిరాతే కదా. పెన్ను మూతపెట్టేశాను.