ఒకే పేజీకి రెండు నమూనాలు

దిద్దడం నా వృత్తి, అతిగా దిద్దడం నా ప్రవృత్తి. ఊరిగాంలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఇతరుల రాతలను పుస్తకాలకు సిద్ధం చేస్తుంటాను.

ముళబాగిలు దగ్గరి పల్లె నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లు కన్నడ బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఇంట్లో మాట తెలుగే గానీ, తెలుగు అక్షరాలు నేర్చుకున్నది మాత్రం రిటైరయ్యాకే. పట్టుపురుగులు సాకి తమను పెంచిన వాళ్లమ్మ గురించి నోటుబుక్కు నిండా రాసుకొచ్చింది. నా చేతికిచ్చినట్టే ఇచ్చి మళ్లీ వెనక్కి లాక్కుంది.

"నగబాకండి సార్. ఒత్తులు యాడ పెట్టాలో నాకు సరిగ్గా తెలీదు. మీరు ఎంత మారుస్తారో ముందు చూపించండి, ఇంగ ఆమీద ఇస్తాను."

న్యాయమైన మాటే. ఒక పేజీ మాత్రం తీసుకున్నాను. పురుగులు మేత మాని పొర విడిచే రోజుల్ని అక్కడ జరం అంటారు. ఆమె రాసింది ఇది: "పురుగులు జరంలో ఉంటే మాయమ్మ ఎవుర్నీ గెట్టిగా మాట్లాడనీదు. మా నాయన దగ్గినా బయటికి పొమ్మంటాది."

మొదటి నమూనాలో ఒత్తులు, చుక్కలు సరిచేసి, ఒకటి రెండు పొడుగు వాక్యాలు విడగొట్టాను. మాటలు ఆమెవే. రెండోదాన్ని మొత్తంగా తిరగరాశాను: "పురుగులు పొర విడిచే రోజుల్లో మా ఇంట మౌనం పరుచుకునేది." అప్పట్లో ఆ వాక్యం నాకు తెగ నచ్చింది.

నా మార్పులన్నీ కనబడాలని మొదటి పేజీని ఎర్ర గీతలతో సహా ప్రింటు తీశాను. రెండోదానిలో గీతల అడుగున అక్షరమే కనబడకపోతే, వాటిని తీసేసి శుభ్రంగా ప్రింటు తీశాను.

మళ్లీ వచ్చినప్పుడు ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"అయ్యో, పిల్లోల్ల నోటుబుక్కుల్లో నేనేసిన ఎరుపంతా నాకే తిరిగొచ్చినట్టుండాదే! ఇన్ని తప్పులా?"

"తప్పులు కావమ్మా, గుర్తులు. చాలావరకు ఒత్తులే."

"ఊరడించబాకండి సార్. దీంట్లో చూడండి, ఒక్క గీత లేదు. బుక్కంతా ఇట్లే చేసేయండి."

మొదటిదాన్ని కూడా గీతలు లేకుండా తీసి ఇవ్వడం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ నేను లేవలేదు. నా వాక్యాన్ని ఇంకొకరు ఎంచుకుంటే అంత సుఖంగా ఉంటుంది మరి.

పుస్తకం అచ్చయ్యాక ఆమె ఫోన్ చేసింది.

"మా అక్క చదివింది సార్. శానా బాగుండాదంట. అయితే, 'మనమ్మ యాడే ఇందులో?' అని అడిగింది."

పుస్తకం తెరిచి ఆ పేజీ చూశాను. మౌనం ఉంది. నాయన దగ్గు లేదు, ఆయన్ని బయటికి తరిమిన అమ్మా లేదు.

"తప్పు నాదమ్మా," అన్నాను.

"మీదేముండాది సార్? రెండూ చూపించినారు, ఎంచుకున్నది నేనే కదా."

ఆమె నన్ను సముదాయిస్తూనే ఉంది. రెండూ చూపించిన మాట నిజమే. సమానంగా చూపించలేదని మాత్రం నోరు తెరిచి చెప్పలేకపోయాను.