రోలరు దగ్గర నేర్పిన మనిషి

ఆసుపత్రి లాండ్రీలో గుమాస్తా పని చేసే ఆమెకు ఒక పేచీ ఉండేది. సూపర్‌వైజరు నోటికొచ్చినట్టు పెట్టే మెసేజీలను నలుగురూ చదవదగ్గ ప్రకటనలుగా ఆమే మార్చాలి. చక్కెర పూత పూయడమంటే ఆమెకు ఒళ్లుమంట. కారణం ఉంటే చెప్పాలి, లేకపోతే నోరు మూసుకోవాలి, అంతే.

ఒక రోజు వచ్చింది ఇది: “మన బక్కోడు సోమవారం నుంచి షిఫ్టు ఇన్‌చార్జి. చురుకైన కుర్రాడు. మిగతావాళ్లు చూసి నేర్చుకోండి.”

ఆమె ఫోను చేసింది. “చురుకంటే ఏం చేశాడు సార్?”

“ఏం చేశాడా? దుప్పట్లు పంపే వరుస మార్చాడు. ఆపరేషన్ వార్డుకి ఇప్పుడు ఆలస్యం లేదు. కొత్త మిషన్ శిక్షణ కూడా అయిపోయింది.”

“అదే రాస్తాను. ‘చూసి నేర్చుకోండి’ తీసేస్తున్నా.”

“ఎందుకమ్మా, సరదాగా అన్నా.”

“సరదా మీది, మంట వాళ్లది. పెద్దక్క కూడా ఆ పనికి దరఖాస్తు పెట్టింది. ముందు ఆవిడతో మాట్లాడండి, తర్వాతే గ్రూపులో పెట్టండి.”

“సర్లే, సర్లే.”

పెద్దక్క ఇస్త్రీ రోలరు మీద తడి దుప్పట్లు ఎక్కించే మనిషి. మధ్యాహ్నం తీరికవేళ గుమాస్తా వెళ్లి దుప్పటి రెండో కొస పట్టుకునేది. మడతలు వేస్తూ ఇద్దరూ లోకాన్ని ఉతికి ఆరేసేవారు.

ఆమె రాసింది: ఎవరు, ఏ పనికి, ఎప్పటినుంచి, ఏ రెండు పనులు చూసి ఎంపిక చేశారు, దరఖాస్తు పెట్టిన మిగతావారితో సూపర్‌వైజరు విడివిడిగా మాట్లాడతారు. ఎవరితోనూ పోలిక లేదు. అక్కడ ఆగాల్సింది. పెద్దక్క కష్టం గాలికి పోకూడదని ఒక వాక్యం చేర్చింది: “రోలరు పని ఆయనకు నేర్పిన పెద్దక్కకు కృతజ్ఞతలు.”

సూపర్‌వైజరుకు తెగ నచ్చింది. పెద్దక్కతో మాట్లాడకుండానే గ్రూపులో పెట్టేశాడు.

పెద్దక్క చేతులు తుడుచుకుంటూ ఆఫీసు గదికి వచ్చింది.

“బాగా రాశావమ్మాయ్. వాడికి రావాల్సిందే, ఆ వరుస నాకు తట్టలేదు. తిట్టుకుందామన్నా ఏం దొరకలేదు.”

“అక్కా, నీతో ముందు చెప్పమన్నాను…”

“వాడు నా దగ్గర నేర్చుకున్నాడని అందరికీ తెలుసు. నేర్పినదాన్ని కిందే ఉండిపోయానని ఎవరూ పైకి అనలేదు. ఆ ముక్క నువ్వన్నావు.”

“తీసేస్తానక్కా.”

“అందరూ చదివాక తీస్తే నేనే తీయించానంటారు. ఉండనీ.”

పెద్దక్క అరిచి ఉంటే బాగుండేది. మరుసటి వారం అడిగి మరీ మాసిన బట్టలు వేరుచేసే గదికి మారిపోయింది.

ఇప్పుడు గుమాస్తా ఎంపిక కానివారి పేరు వాళ్లను అడగకుండా రాయదు. సూపర్‌వైజరు వాళ్లతో మాట్లాడాడని తెలిస్తే తప్ప ఆయనకు ప్రకటన పంపదు. మాసిన బట్టల గదిలోనే ఇన్‌చార్జి పని ఖాళీ పడింది. పెద్దక్క దరఖాస్తు పెట్టలేదు.

“ఆసక్తి లేదేమోలే,” అన్నాడు సూపర్‌వైజరు.

గుమాస్తా మధ్యాహ్నం అలవాటుకొద్దీ ఆ గది దాకా వెళ్లింది. మాసిన బట్టలకు మడతలు అక్కర్లేదు. పట్టుకోవడానికి రెండో కొస లేదు. పెద్దక్క తలెత్తి, “ఏం కావాలమ్మా?” అంది, వార్డు నుంచి వచ్చినవాళ్లను అడిగినట్టు.