పంపకుండా ఉంచిన అభినందన

నా భార్య పోయిన నెలలో చనిపోయింది. తెల్లవారుజామున మంచినీళ్లు అడిగింది. తెచ్చేలోపు పోయింది. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

పదకొండో రోజున మా భవాని పేట్ ఇంటి ముందు, టెంటు కింద, ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను. ఎదురింటి పెద్దమ్మ అంటోంది: "పానం పోక ముందే ఆమె కుర్సీ గుంజుకున్నది గా మదత్నీసు. గింత ఆగకపాయె." పక్కనున్నావిడ, "బీమారి మనిషితోని రాజీనామా రాయించుకున్నరంట, ఖరేనా?" అంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. కాదని చెప్పవలసినవాణ్ణి నేనొక్కడినే. చెప్పలేదు.

ఇప్పుడు చెబుతున్నాను.

నా భార్య అంగన్‌వాడీ సేవిక. ఈ మరాఠీ ఊళ్లో తెలుగువాళ్లుండే మా గల్లీ చివర, రెండు మరమగ్గాల షెడ్ల నడుమ ఒక గది. ఆ చప్పుడులో పసిపిల్లలకు పాటలు నేర్పాలంటే గొంతు కావాలి. ఇంట్లో కూడా ఆమె అదే గొంతుతో మాట్లాడేది. "మెల్లగా" అంటే, "మెల్లగ మాట్లాడితే ఈ పేట్‌ల ఎవ్వరు ఇనరు" అనేది. ఆమెకు తోడు ఒక సహాయకురాలు. మరాఠీలో మదత్నీస్ అంటారు. పిల్లలను ఇళ్ల నుంచి పిలుచుకు రావడం, ఊడ్వడం, అన్నం పెట్టడం, ముక్కులు తుడవడం ఆమె పని. నా భార్యను అక్కా అనేది, నన్ను బావా అనేది.

నేను టవల్ కార్ఖానాలో సరుకు పంపే విభాగంలో గుమాస్తాను. బి.కాం. చదివాను. అందుచేత ఇంట్లో రాతపని నాది. సేవికల గ్రూపులో ఎవరికైనా పెద్ద పదవి వస్తే ఫోన్ నిండా పూలగుత్తులు వచ్చేవి. నా భార్య వాటిని చూసి చిరాకుపడేది. "పెండ్లి పత్రికల్లెక్కనే ఉన్నయి. పేరు మారిస్తె ఎవ్వరికన్న సరిపోతయి" అనేది. తాను అభినందించవలసి వస్తే ముందు ఆ మనిషి కింద పనిచేసిన వాళ్లకు ఫోన్ చేసేది. ఏం చేసింది, ఎక్కడ కష్టపడింది, ఎవరికి మేలైంది అని అడిగేది. ఒకసారి ఒక పర్యవేక్షకురాలి గురించి అలా అడిగి, ఏమీ దొరక్క, ఏమీ రాయలేదు. "ఉత్త పూలు పెట్టరాదా?" అన్నాను. "పూలు ఆమెకు దుకాన్ల దొరుకుతయి" అంది.

జబ్బు ముదిరినట్టు డాక్టరు కంటే ముందు ఆమెకే తెలిసింది. ఇంటికి రాగానే ఆసుపత్రి ఫైలు పక్కన పెట్టి రాజీనామా కాగితం అడిగింది. నేను ఒప్పుకోలేదు. సెలవు పెట్టు, ఉద్యోగం ఉండనీ అన్నాను. ఆమె నాకు లెక్క చెప్పింది. సెలవులో ఉంటే పక్క అంగన్‌వాడీ సేవికకు అదనపు బాధ్యత ఇస్తారు. ఆమెకు తెలుగు రాదు. మా గల్లీ పిల్లలకు బడికి వెళ్లేదాకా మరాఠీ రాదు. తాను పోయాక జాగా ఖాళీ అని ఆఫీసులో తేలేసరికి నెలలు పడుతుంది. ఆలోగా పైరవీకారులు బయలుదేరుతారు. నియమం ప్రకారం అదే అంగన్‌వాడీలో చేస్తున్న సహాయకురాలికి, చదువు ఉంటే, మొదటి హక్కు. ఆ హక్కును పట్టుకుని ఆఫీసు మెట్లెక్కే మనిషి ఒకరుండాలి.

"ఇప్పుడైతే నేను నడుస్తున్న," అంది. "రేపటి ముచ్చట నాకెరుక లేదు. రాయి."

రాశాను. సహాయకురాలికి తెలిసి పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, నువ్వు బతికుండంగ నీ కుర్సీల నేనెట్ల కూసుంట? నలుగురు ఏమంటరు?"

"నేను సచ్చినంక కూసుంటె మంచిగుంటదా? మర్యాద జెయ్యకు. సర్టిఫికెట్లు తే."

ఇద్దరూ ఆటోలో ఆఫీసుకు వెళ్లారు. ఒకసారి కాదు. మొదట రాజీనామా మంజూరు కావాలి. తరువాత పర్యవేక్షకురాలు ప్రతిపాదన పంపాలి. పన్నెండో తరగతి మార్కుల పత్రం, నివాసం రుజువు, ఎన్నాళ్లు పనిచేసిందో చెప్పే కాగితం అన్నీ సరిచూడాలి. నా భార్య బెంచీ మీద గోడకు ఆనుకుని కూర్చునేదట. అక్కడి గుమాస్తా రేపు రమ్మంటే, "రేపు నేనుంటె వస్త, లేకుంటె ఇయ్యాల్నే జెయ్యి సార్" అందట. ఆ రోజే చేశాడు.

ఆర్డరు వచ్చింది. దాన్ని రెండుసార్లు చదివించుకుంది. నన్ను మంచం దగ్గర కూర్చోబెట్టి, "ఇగ రాయి, తల్లుల గ్రూపుల పెట్టాలె" అంది. నేను 'హార్దిక అభినందనలు' అని మొదలుపెట్టాను. "కొట్టెయ్" అంది. తరువాత ఆమె చెప్పింది, నేను రాసుకున్నాను. ఆమె మాటలే ఇవి:

"మన అంగన్‌వాడీల మదత్నీస్‌గ చేసిన మా చెల్లెను సేవిక జేసిన్రు. ఆర్డర్ నేను సూసిన. అభినందనలు చెల్లె.

ఈ నౌకరి ఆమెకు ఎట్లొచ్చిందో చెప్త. సేవిక కావాల్నంటె పన్నెండు పాసుండాలె. ఆమెకు పదే ఉండె. ఇద్దరు పిల్లల తల్లి, పదిహేడు నంబర్ ఫారం నింపి ఇంట్ల సదివి పరీక్ష రాసింది. ఇంగ్లీష్‌ల తప్పింది. మల్ల రాసి పాసయింది. తప్పిన సంగతి ఎందుకు చెప్తున్ననంటె, మల్ల రాసుడే కష్టం.

అత్తగారోళ్లు ఊరవతల కుంభారిల కొత్త ఇంటికి వోయిన్రు. ఈ నౌకరికి ఈడనే ఉండాల్నని ఆమె వోలే. కొంతం చౌక్ దగ్గర ఒక్క అర్రల కిరాయికున్నది.

ఏ ఇంట్ల తల్లి బీడీలు చుట్టుకుంట పిల్లకు తినిపిచ్చుడు మర్చిపోయిందో ఆమెకెరుక. ఒక పాప సన్నబడుతున్నదని నేను సూడలే. ఆమె సూసింది. దండకు కొల్త పట్టీ పెడితె ఎరుపు సూపిచ్చింది, తిండి సాలలేదని. పాపను దవాఖానకు ఎత్తుకపోయింది ఆమె. అక్కడ పండుకున్నది ఆమె. రిజిస్టర్‌ల దస్కత్ నాది. ఆ పని ఆమెదని ఇయ్యాల చెప్తున్న.

ఫోన్‌ల హాజరు నింపుట్ల ఇంక తప్పులు జేస్తది. నేర్సుకుంటది. నేను గూడ గట్లనే నేర్సుకున్న.

కుర్సీ నేనే ఖాళీ జేసిన. ఆమె వద్దన్నది. నేనే బలిమి జేసిన. ఎవ్వరన్న ఇంకో తీరు చెప్తె నమ్మకుండ్రి."

చదివి వినిపించాను. బాగుందంది. నాకు బాగాలేదు. అన్ని సంవత్సరాలు ఆ గదిలో గొంతు చించుకున్న మనిషికి, రాజీనామా ఇచ్చి వచ్చిన రోజున ఆఫీసు నుంచి ఒక్క మాట రాలేదు. సేవికల గ్రూపులో ఒక పూలగుత్తి కూడా రాలేదు. అదంతా నాలో ఉంది. చివర నేనే ఒక వాక్యం చేర్చాను, ఆమె సేవ గురించి. చదవమంది. చదివాను.

"తీసెయ్. ఆమె పండుగల నా ఫోటో ఎందుకు? నా ముచ్చట నువ్వు తర్వాత రాసుకో."

తీసేశాను. పంపానా అని అడిగింది. పంపానన్నాను.

పంపలేదు.

ఎందుకో నాకు తెలుసు. అసూయ. నా భార్య తరఫున నేను పడ్డ అసూయ. ఇంకొకరి పదవిని పొగుడుతూ ఆమె చివరి ఊపిరి ఖర్చుచేయడం నాకు నచ్చలేదు. రేపు పంపుదాం అనుకున్నాను. మర్నాడు ఆమె అడిగింది, "ఎవరన్న ఏమన్నన్నరా?" అని. "అందరు మంచిగుందన్నరు" అన్నాను. నవ్వింది. నాలుగో రోజున పోయింది. ఆ నవ్వు అబద్ధం మీద నిలబడిన నవ్వు. దాన్ని నేను మోసుకోవాలి, మోస్తాను. దానికి ఎవరి ఓదార్పూ అక్కరలేదు.

కానీ ఆ ఖాళీలో పేట్‌లో ఇంకో కథ పుట్టింది. దాని బరువు నా మీద పడలేదు, కొత్త సేవిక మీద పడింది. నలుగురు తల్లులు పిల్లలను పంపడం మానేశారు. నీళ్ల దగ్గర ఆమెను ఎవరూ పలకరించలేదు.

పోయిన శనివారం ఆమె మా ఇంటికి వచ్చింది. కుర్చీ చూపిస్తే నేల మీద కూర్చుంది. మడిచిన కాగితం ఇచ్చింది.

"బావా, మరాఠీల రాసిన. తప్పులుంటె సరిజేసి పెట్టు."

చదివాను. సేవిక పదవి వద్దు, నన్ను మళ్లీ సహాయకురాలిగానే ఉంచండి అని అర్జీ. అక్షరాలు గుండ్రంగా, శ్రద్ధగా ఉన్నాయి. ఒక్క తప్పు కూడా లేదు.

"ఎందుకు?" అన్నాను.

"అక్క కుర్సీ తిన్ననంటున్నరు. గీ మాట పడుకుంట పిల్లల మొకం ఎట్ల సూడాలె?"

నేను నా భార్య ఫోన్ తీసి, ఆ రాతను తెరిచి ఆమె చేతికిచ్చాను. నిదానంగా చదివింది. ఇంగ్లీషులో తప్పిన చోట ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోన్ హాజరు దగ్గర ఒక్కసారి నవ్వొచ్చింది.

"గిది గూడ రాసిందా? అరె, అక్కా!" మళ్లీ పైకి వెళ్లి చదివింది. "బావా, గిది ఎప్పటిది?"

చెప్పాను. దాచకుండా అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె ఫోన్ వైపే చూస్తూ, "అక్క అడిగిందా, ఎవరేమన్నరని?" అంది. అడిగిందన్నాను. అప్పుడు ఏడ్చింది. నేను లేచి నీళ్లు తెచ్చాను.

ఆ అర్జీ నా దగ్గరే ఉంది. సరిదిద్దడానికి అందులో ఏమీ లేదని చెప్పాను, తిరిగి ఇవ్వలేదు. ఆమె ఎదుటే ఆ అభినందనను తల్లుల గ్రూపులో పెట్టాను. కింద నా పేరుతో ఒక మాట చేర్చాను: "ఇది నా భార్య చెప్పి రాయించింది. ఆపింది నేను. తప్పు నాది."

గంటలో నా తోడబుట్టిన అక్క ఫోన్ చేసింది. "ఇంటి ముచ్చట బజార్ల పెడ్తవారా? మల్ల మందికి మొకం ఎట్ల సూపిస్తవ్?" అంది. ఇన్నాళ్లూ ఏ ముఖంతో తిరిగానో అదే ముఖం అక్కా, అన్నాను. తీసెయ్యమంది. తీయనన్నాను. గల్లీలో ఇంకొకాయన మగవాళ్ల తీరులో నచ్చజెప్పాడు: పోయినావిడ గౌరవం కోసమైనా ఊరుకోవలసిందట. ఆవిడ గౌరవం ఆవిడే రాయించుకుంది, ఇంకోసారి చదువు అన్నాను.

అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాను, గ్రూపులో లేనివాళ్లు కూడా చదవాలని. నా భార్య కుర్చీని ఎవరూ గుంజుకోలేదు. అభ్యంతరం ఉన్నవాళ్లకు ఆఫీసు ఎక్కడుందో తెలుసు. మార్కుల పత్రం ఉంది, ఆర్డరు ఉంది. మాట్లాడాలంటే నా ఇంటికి రండి. కొత్త సేవిక గుమ్మంలో మాత్రం మాట్లాడకండి. అక్కడ పిల్లలుంటారు.

ఈ ఉదయం కార్ఖానాకు వెళ్తూ ఆ గది ముందు బండి ఆపాను. లోపలికి వెళ్లలేదు. పిల్లల తూకం రోజు. ఎదురింటి పెద్దమ్మ మనవణ్ణి ఎత్తుకొచ్చింది. కొత్త సేవిక పిల్లవాడిని అందుకుని, కాళ్ల వెండి కడియాలు ఒక్కొక్కటే తీసి పెద్దమ్మ అరచేతిలో పెట్టింది. వాటితో తూస్తే బరువు తప్పు వస్తుంది. పిల్లవాడు తూకం మీద కాళ్లు తన్నుకుంటున్నాడు. ఆమె వాడు కుదురుకునేదాకా ఆగింది. అంకె చూసింది. మళ్లీ చూసింది. పెద్దమ్మ కడియాలు పట్టుకుని, మెడ చాచి, ఆమె ఏం చెబుతుందా అని నిలబడి ఉంది.