రెప్పార్పకండి సారు

మా పెదనాన్న పోలీసు శాఖలో ఫొటోగ్రాఫరుగా చేశాడు. తీసింది ఎక్కువగా గుర్తు తెలియని శవాల్ని. ముఖం తుడిచి, రెప్పలు తెరిచి, ఎవరైనా చూసి 'మావాడే' అనేలా తీసేవాడు. తీశాక ఆ కళ్ళు తనే మూసేవాడు. మూస్తే పని అయిపోయినట్టు. సిబ్బంది గుర్తింపు కార్డులకు తీసేటప్పుడు మాత్రం 'రెప్ప ఆర్పకండి' అని గదమాయించేవాడు. ఆఫీసులో అదే ఆయన పేరైపోయింది.

రిటైరయ్యాక ఆయన్ని పట్టుకున్న భయం ఒక్కటే. ఏటా బతికున్నట్టు బ్యాంకుకు రుజువు ఇవ్వకపోతే పెన్షను ఆగిపోతుంది. కిందటేడు జ్వరంతో పడుకుంటే ఆగనే ఆగింది. తర్వాత బకాయితో సహా వచ్చిందనుకోండి, కానీ ఈలోగా పెద్దమ్మకు డయాలసిస్ ఒకసారి తప్పింది. ఊపిరాడక ఆమె గోడకు ఆనుకుని కూర్చుంటే, ఈయన ఎదురుగా కూర్చుని ఆమె కళ్ళే చూస్తూ ఉండిపోయాడు.

ఈ ఏడు ముందే వెళ్ళాడు. వెళ్ళినప్పుడల్లా సర్వరు పడుకుంది. చివరికి గడువు ముగిసే రోజున పెద్దమ్మా ఆయనా వెళ్తే నేనూ తోడు వెళ్ళాను. ఫొటోలు కడిగే మందుల్లో నాని అరిగిపోయిన వేళ్ళు ఆయనవి. వేలిముద్రల యంత్రం ఒక్క వేలినీ ఒప్పుకోలేదు. కాగితం మీద రాసిద్దామంటే సంతకం పెట్టాల్సిన మేనేజరు సెలవు. కౌంటరు అమ్మాయి ఫోను తీసి ముఖం చూపించమంది.

"రెప్ప కొట్టండి సార్. మీరు మనిషో ఫొటోనో దానికి తెలియాలిగా."

పెదనాన్న కొయ్యబారిపోయాడు. కళ్ళు ఇంతింత తెరిచి అలాగే ఉన్నాడు. ఫోను కాదంది. మళ్ళీ కాదంది. వెనక వరసలో ఉన్న ఒక రిటైర్డు కండక్టరు ఊరుకుంటాడా?

"కన్ను కొట్టమంటే భయపడరా మరి! పక్కన మేడమ్‌గారున్నారుగా."

అందరూ నవ్వారు. పెదనాన్న పెద్దమ్మ చెవిలో, "మూస్తే అయిపోయినట్టేనే" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

పెద్దమ్మ నవ్వలేదు, తిట్టలేదు. ఉబ్బిన కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళి, ఆ అమ్మాయి పట్టుకున్న ఫోను వెనకాలే నిలబడింది.

"నన్ను చూడండి. నేను మూస్తే మూయండి, తెరిచి ఊఁ అంటే తెరవండి. అంతే."

ఆమె మూసింది. ఆయనా మూశాడు. ఆమె తెరిచి 'ఊఁ' అంది, ఆయనా తెరిచాడు. ఫోను ఒప్పుకుంది.

రుజువు తాలూకు నంబరు వచ్చిందనీ, పెన్షను ఆఫీసు నుంచి ఆమోదం మెసేజి రావడానికి మాత్రం కొంచెం టైం పడుతుందనీ చెప్పింది ఆ అమ్మాయి. రాకపోతే ఏమిటని పెదనాన్న అడిగాడు. మళ్ళీ రావాలంది.

బస్సులో పెద్దమ్మ అలసిపోయి ఆయన భుజం మీద తల వాల్చి కళ్ళు మూసుకుంది. మెసేజి వచ్చిన చప్పుడైంది. ఆయన ఫోను తీయలేదు. ఆమె రెప్పల వంకే చూస్తున్నాడు, రెప్ప ఆర్పకుండా.